ప్రభ వెలుగులో పడ్డ ముఖాలు

శివరాత్రి నాటి సాయంత్రం కోటప్పకొండ కింద ప్రభలు ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడతాయి. కావూరు, పురుషోత్తమపట్నం, ఇంకా చుట్టుపక్కల ఊళ్ల నుంచి కదిలిన ఈ విద్యుత్ ప్రభల్లో కొన్ని 80, 90 అడుగుల ఎత్తుంటాయి. పొద్దుగుంకి బల్బులు వెలగ్గానే జనమంతా ఫోన్లు పైకెత్తుతారు. అందరికీ కావాల్సింది ప్రభే. కానీ వీడియోలో కింది సగమంతా మనుషులే పడతారు. పల్నాడులో మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజులు కాబట్టి, కోతల కోసం దూరపు జిల్లాల నుంచి వచ్చిన కూలీలు కూడా ఆ జనంలో ఉంటారు.

ఇంత జనంలో ఎవరు ఎవర్ని గుర్తుపడతారులే అని చాలామంది అనుకుంటారు. ఒకప్పటి కెమెరాలకు ఆ మాట సరిపోయేది. ఇప్పుడు సరిపోతుందో లేదో ఒక చిన్న లెక్క చెబుతుంది.

నిఘా కెమెరాలు అమర్చేవాళ్లు ఈఎన్ 62676-4 అనే యూరప్ ప్రమాణాన్ని వాడతారు. మనిషి నిలబడ్డ చోట ఒక మీటరు వెడల్పుకు ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయన్నదే దాని కొలమానం. 25 పిక్సెళ్లు పడితే అక్కడ మనిషి ఉన్నాడని మాత్రం తెలుస్తుంది. 125 పడితే ముందే తెలిసిన మనిషిని పోల్చుకోవచ్చు. 250 పడితే ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఫలానా మనిషని నిర్ధారించవచ్చు.

మామూలు ఫోన్‌తో ఫోర్‌కే వీడియో తీస్తే, అడ్డంగా 3840 పిక్సెళ్లు ఉంటాయి. జూమ్ చేయకుండా పది మీటర్ల దూరం నుంచి తీసినప్పుడు సుమారు 14 మీటర్ల వెడల్పు దృశ్యం పడుతుంది. అంటే మీటరుకు 270 పిక్సెళ్ల పైమాటే. ఆ వరసలో కెమెరా వైపు తిరిగి ఉన్న ప్రతి ముఖం గుర్తుపట్టేంత స్పష్టంగా ఉంటుందన్నమాట. అదే ముప్పై మీటర్ల దూరానికి జరిగితే అది 90 పిక్సెళ్లకు పడిపోతుంది. అక్కడి నుంచే అయిదు రెట్లు జూమ్ చేస్తే మళ్లీ 450 దాటుతుంది. కాబట్టి దూరంగా నిలబడి తీశామన్న మాట ఒక్కటే చాలదు. ఎంత దూరం, ఎంత జూమ్ అన్నవి రెండూ కలిపి చూడాలి. ఈ అంకెలకూ ఒక హద్దుంది. 250 అన్నది చూసేవాడికి ముందు సంగతులేవీ తెలియవన్న లెక్కలో వేసింది. భర్త కొట్టే దెబ్బలకు తాళలేక అడ్రసు చెప్పకుండా వచ్చేసిన ఆడమనిషిని వెతుకుతున్నవాడికి అన్ని పిక్సెళ్లు అక్కర్లేదు. చీర రంగూ, నడకా, పక్కనున్న పిల్లాడూ చాలు.

పిల్లల విషయంలో ముఖం కన్నా ముందు చూడాల్సింది చెయ్యి.

పెద్ద తిరునాళ్లలో, పుష్కరాల్లో పిల్లలు తప్పిపోతే వెంటనే అప్పగించడానికి వీలుగా మణికట్టుకు ట్యాగ్ కడతారు. దాని మీద పిల్లాడి పేరు, ఊరు, అమ్మానాన్నల ఫోన్ నంబరు ఉంటాయి. చాలా మంచి పద్ధతి. అయితే తండ్రి భుజాల మీద కూర్చుని ప్రభను చూపిస్తూ చెయ్యెత్తిన పిల్లను దగ్గర నుంచి తీస్తే, ఆ నంబరు కూడా వీడియోకెక్కుతుంది. వీడియో ఆపి పెద్దది చేసుకుంటే చదవొచ్చు. ముఖం, పేరు, ఊరు, ఫోన్ నంబరు ఒకే చోట దొరికితే, ‘మీ అమ్మ పంపింది’ అని పాపను పేరుపెట్టి పిలవడం ఎవరికైనా తేలికే. తప్పిపోయిన పిల్లల కేంద్రం దగ్గర ఏడుస్తున్న బాబును రీలు తీయడం ఇంకా పెద్ద తప్పు. వెనక మైకులో అతని పేరు, ఊరు వినపడుతూనే ఉంటాయి. 2015 నాటి బాలల న్యాయ చట్టం తప్పిపోయిన పిల్లలను సంరక్షణ అవసరమైన పిల్లల్లో చేర్చింది. అలాంటివాళ్ల పేరు, ఫొటో, ఆనవాళ్లు మీడియాలో బయటపెట్టకూడదని దాని 74వ సెక్షన్ చెబుతోంది. తప్పితే ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

పెద్దవాళ్ల విషయంలోనైతే అసలు తీయకూడని సందర్భాలు కొన్నున్నాయి. తడిబట్టలతో పొర్లుదండాలు పెట్టే ఆడవాళ్లు, స్నానాల రేవు, బట్టలు మార్చుకునే చోటు, పాలిచ్చే తల్లి, పూనకం వచ్చి ఒంటి మీద స్పృహ లేని మనిషి. ఇక్కడ పిక్సెళ్ల లెక్కతో పనిలేదు, అనుమతి అడగడానికీ ఇది సమయం కాదు. 2025 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో స్నానం చేస్తున్న స్త్రీల వీడియోలు సోషల్ మీడియాలో పెట్టి, అమ్మకానికి కూడా ఉంచినందుకు ఉత్తరప్రదేశ్ పోలీసులు కేసులు పెట్టారు. ఆ స్త్రీలు పదిమందిలో స్నానం చేశారు, నిజమే. అంతమాత్రాన వాళ్ల గోప్యత పోలేదు. పదిమందిలో ఉన్నంత మాత్రాన మనిషి గోప్యత వదులుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు 2017 నాటి పుట్టస్వామి తీర్పులో స్పష్టంగానే చెప్పింది.

మరి ఉత్సవాన్ని తీయడమే మానుకోవాలా? అక్కర్లేదు. జర్మనీలో 1898లో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు బిస్మార్క్ మృతదేహం ఉన్న గదిలోకి దొంగతనంగా దూరి ఫొటో తీశారు. ఆ గొడవ ఫలితంగా 1907లో వచ్చిన చట్టం ఒక మంచి గీత గీసింది. ఊరేగింపును తీస్తే అందులోని ప్రతి ఒక్కరినీ అడగక్కర్లేదు. ఊరేగింపును వదిలి ఒక మనిషినే చూపిస్తే మాత్రం ఆ మనిషి అనుమతి కావాలి. కోటప్పకొండకూ ఈ గీత చక్కగా సరిపోతుంది. ప్రభను తీస్తున్నారా, ప్రభ చూస్తున్న పాపను తీస్తున్నారా అన్నదే ప్రశ్న.

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధానమైన విధులు పాటించడానికి 18 నెలల గడువిచ్చారు. ఇంట్లోవాళ్ల కోసం తీసుకునే వీడియోలకు ఈ చట్టం వర్తించదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల విషయంలో, రుజువు చూపగలిగేలా తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. సమ్మతికి అది పెట్టిన షరతులు గట్టివి. మనిషి తనంతట తాను, దేనికో తెలిసి, స్పష్టంగా ఒప్పుకోవాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. అందుకే ‘లోపలికి వస్తే చిత్రీకరణకు ఒప్పుకున్నట్టే’ అని గేటు దగ్గర బోర్డు కట్టినంత మాత్రాన సమ్మతి కాదు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మనిషి ఆ బోర్డు చూసి వెనక్కి తిరిగి వెళ్లదు కదా! అయినా బోర్డు ఉండాల్సిందే. కెమెరా ఎటువైపు ఉందో, ఏ క్యూలో లేదో, వీడియో తీసేయమని ఏ నంబరుకు చెప్పాలో పెద్ద తెలుగు అక్షరాల్లో రాస్తే, ఇష్టం లేనివాళ్లు పక్క వరసలోకి పోతారు.

దగ్గర నుంచి తీయాలంటే మాత్రం నోటితో అడగాల్సిందే. అదీ క్యూలో నెట్టుకుంటున్నప్పుడో, చేతిలో కొబ్బరికాయలూ చంకలో బిడ్డా ఉన్నప్పుడో కాదు. దర్శనమై, ప్రసాదం తీసుకుని చెట్టు కింద కూర్చున్నాక అడగాలి. ‘పాపను దగ్గర నుంచి తీస్తామమ్మా, మా యూట్యూబ్ ఛానెల్లో పెడతాం, ఊళ్లోవాళ్లంతా చూస్తారు. వద్దంటే తీయం’ అంటే చాలు. చివరి మాట తప్పకుండా అనాలి. అమ్మ సరేనన్నా పాప కొంగు చాటుకు పోతే, అదీ జవాబే. ఒప్పుకుంటే ఛానెల్ పేరు, తేదీ, ఫోన్ నంబరు ఉన్న చీటీ చేతిలో పెట్టాలి. రేపు మనసు మారితే ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియాలి.

లైవ్ ప్రసారంలో ఎడిటింగ్‌కు తావుండదు కాబట్టి, కెమెరా ఎక్కడ పెడతారన్నదే ముఖ్యం. జనం వెనక ఎత్తు మీద పెడితే ప్రభ నిండుగా కనపడుతుంది, భక్తుల వీపులే పడతాయి.

ముఖం మసకబారిస్తే సరిపోతుందనే నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. గళ్లుగళ్లుగా చేసిన ముఖాలను కూడా కంప్యూటర్లు చాలావరకు పోల్చగలవని 2016లోనే పరిశోధకులు చేసి చూపించారు. మసక కన్నా ఒకే రంగుతో పూర్తిగా కప్పేయడం గట్టి పద్ధతి. అందులోనూ చిక్కు ఎక్కడొస్తుందంటే, సాఫ్ట్‌వేర్ ముఖాన్ని వెంటాడుతూ కప్పుతుంది. పాప తల తిప్పినప్పుడో, ఎవరిదో చెయ్యి అడ్డొచ్చినప్పుడో దారి తప్పి, ఒకటి రెండు ఫ్రేముల్లో ముఖం బయటపడుతుంది. మామూలు వేగంలో అది కంటికి ఆనదు. అందుకని ఆ చోట్ల ఒక్కో ఫ్రేమూ ఆపి చూడాలి. ముఖాన్నే కాకుండా మణికట్టును కూడా చూడాలి. చెయ్యి పైకి లేచిన ఆ అరక్షణంలో ట్యాగ్ మీద అంకెలు కనపడితే, ఆ ముక్కను కత్తిరించాలి.