ట్యాంకు దగ్గర 6, తెరమీద 6.2

ఫ్యాక్టరీలో కంప్రెసర్ గాలిని నిల్వచేసే ట్యాంకు మీద గేజి 6 కేజీలు చూపిస్తోంది. కేజీ అంటే ఇక్కడ చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో ఒత్తిడి. ప్లాంట్లలో అలాగే అంటారు. అదే ట్యాంకుకు బిగించిన ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ చెప్పగా కంట్రోల్ రూమ్ తెరమీద కనిపిస్తున్నది 6.2. పక్కన సరిచూసిన మరో గేజి పెట్టినా 6 అనే వచ్చింది. తేడా ట్రాన్స్‌మిటర్‌లో ఉందా, అక్కడి నుంచి కంట్రోల్ రూమ్ దాకా ఉన్న దారిలో ఉందా? ఇది తేలకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదు.

ట్రాన్స్‌మిటర్‌కూ కంట్రోల్ రూమ్‌కూ మధ్య రెండే తీగలు. కంట్రోల్ రూమ్ 24 వోల్టులు ఇస్తుంది. ట్రాన్స్‌మిటర్ ఆ తీగల్లో ఎంత కరెంటు పారాలో నిర్ణయిస్తుంది: ఒత్తిడి సున్నా అయితే 4 మిల్లీయాంపులు, 10 కేజీలైతే 20. మధ్యలో కేజీకి 1.6 చొప్పున పెరుగుతుంది. సున్నా ఒత్తిడికి సున్నా కరెంటు పెట్టకపోవడానికి కారణం ఉంది. తీగ తెగితే కరెంటు పూర్తిగా ఆగిపోతుంది. 4 ఉంటే ట్యాంకు ఖాళీ, 0 ఉంటే తీగ పోయింది. పైగా ట్రాన్స్‌మిటర్ బతికేదే ఆ 4 మిల్లీయాంపుల మీద.

ముందు దారిని పరీక్షిద్దాం. అంతకంటే ముందు కంట్రోల్ రూమ్‌కు చెప్పి, ఈ సిగ్నల్‌తో నడిచే కంట్రోల్‌ను మాన్యువల్‌లో పెట్టించాలి, ఇంటర్‌లాక్ ఉంటే అనుమతితో బైపాస్ చేయించాలి. లేకపోతే మనం పంపే దొంగ 20 మిల్లీయాంపులు చూసి ట్యాంకు నిండిందనుకుని కంప్రెసర్ ఆగిపోతుంది. తర్వాత ట్రాన్స్‌మిటర్ తీగలు విప్పి, ఆ చోట లూప్ క్యాలిబ్రేటర్ కలపాలి. దాన్ని సిమ్యులేట్ మోడ్‌లో పెట్టాలి. అప్పుడది కంట్రోల్ రూమ్ ఇచ్చే 24 వోల్టులతోనే, ట్రాన్స్‌మిటర్ లాగే కరెంటును అదుపుచేస్తుంది. సోర్స్ మోడ్‌లో పెడితే దాని సొంత సప్లై కూడా వచ్చి చేరి రీడింగు నమ్మరానిదవుతుంది. 4, 8, 12, 16, 20 వరసగా పంపితే తెరమీద 0, 2.5, 5, 7.5, 10 రావాలి. 4 దగ్గర సరిగ్గా ఉండి 12 దగ్గర 8 వచ్చిందంటే, కంట్రోల్ రూమ్‌లో ఎవరో రేంజిని 10కి బదులు 16 అని నింపారని అర్థం.

20 దాకా పోవడం తప్పనిసరి. తుప్పు పట్టిన టెర్మినల్ 4 దగ్గర ఏ ఇబ్బందీ చూపదు. కరెంటు పెరిగేకొద్దీ అక్కడ వోల్టేజి ఎక్కువ పోతుంది. చివరికి ట్రాన్స్‌మిటర్‌కు చాలినంత మిగలక 18 దగ్గరే ఆగిపోవచ్చు. క్యాలిబ్రేటర్ మరీ తక్కువ వోల్టేజితోనూ పనిచేయగలదు కాబట్టి ఈ లోపం దాని కన్ను కప్పే అవకాశమూ ఉంది. అందుకే స్మార్ట్ ట్రాన్స్‌మిటర్ అయితే తీగలు తిరిగి కలిపాక, దాని లూప్ టెస్ట్‌తో దానిచేతనే 20 పంపించి చూడడం మంచిది.

మన ట్యాంకు విషయంలో ఐదు చోట్లా తెర సరిగ్గా చూపింది. కాబట్టి తేడా ట్రాన్స్‌మిటర్‌లోనే. ఐసొలేషన్ వాల్వు మూసి, గాలి వదిలేసి చూస్తే 4 రావలసిన చోట 4.16. హ్యాండ్ పంపుతో, ప్రామాణిక గేజి చూస్తూ 10 కేజీలు ఎక్కిస్తే 20 బదులు 20.48. ఇవి రెండు వేర్వేరు తప్పులు. మొదటిది తక్కెడలో పాసంగం లాంటిది; ఏం తూచినా అంతే తేడా. రెండోది తూకపురాయి అరిగినట్టు. బరువు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. ఇక్కడ 0.16 జీరో తప్పు, మిగతా 0.32 స్పాన్ తప్పు. రెండూ కలిసే 6 దగ్గర 6.2 చూపించాయి.

పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్‌లో రెండు స్క్రూలుంటాయి. గాలి వదిలి జీరో స్క్రూతో 4.00కు తేవాలి, 10 ఎక్కించి స్పాన్ స్క్రూతో 20.00కు తేవాలి. స్పాన్ తిప్పితే జీరో కాస్త కదులుతుంది, అందుకే రెండూ నిలబడేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ఆపైన ఎక్కిస్తూ ఐదు, దింపుతూ ఐదు రీడింగులు తీసుకోవాలి. ఒకే ఒత్తిడి దగ్గర ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి వస్తుంటే ఆ లోపాన్ని ఏ స్క్రూ కూడా సరిచేయలేదు.

స్మార్ట్ రకంలో కమ్యూనికేటర్‌తో సెన్సర్ ట్రిమ్ చేస్తారు. తొందరలో కొందరు ట్రిమ్ బదులు రేంజినే 0.1 నుంచి 10.3 అని మార్చేస్తారు. మిల్లీయాంపులు సరిపోతాయి, కంట్రోల్ రూమ్‌లో 6 వస్తుంది. కానీ ట్రాన్స్‌మిటర్ సొంత డిస్‌ప్లేలో ఒత్తిడి ఇంకా 6.2గానే ఉంటుంది. సెన్సర్ తప్పు లోపలే దాగి ఉండిపోయింది.

ఆవిరి లైనుకైతే రేంజి మార్చడమే సరైన పని. అక్కడ ట్రాన్స్‌మిటర్‌ను ట్యాపింగ్‌కు కింద బిగిస్తారు, మధ్య గొట్టంలో ఆవిరి నీరై నిలుస్తుంది. రెండు మీటర్ల నీటికి 0.2 కేజీ అదనపు ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ దగ్గర వెంట్ చేస్తే జీరో చక్కగా 4.00 కనిపిస్తుంది, లైనులో పెట్టగానే 0.2 ఎక్కువ చూపిస్తుంది. అక్కడ ట్రిమ్ ముట్టుకోకుండా, రేంజిని 0.2 నుంచి 10.2కు పెట్టాలి. గొట్టంలో నీరు మళ్లీ నిండాకే తెరమీది అంకెను నమ్మాలి.