పొట్టి మ్యాప్ లింకులో అసలు చోటు ఎక్కడ?

ఎవరైనా వాట్సాప్‌లో పంపే గూగుల్ మ్యాప్స్ లింకు పొట్టిగా ఉంటుంది. `maps.app.goo.gl/` తర్వాత కొన్ని అక్షరాలు, అంకెలు, అంతే. నెట్ లేని చోట వాడే మ్యాప్ యాప్‌లోనో, సర్వేయర్ చేతిలోని జీపీఎస్ పరికరంలోనో ఆ లింకు పనికిరాదు. వాటికి కావలసింది అక్షాంశం, రేఖాంశం.

ఆ అక్షరాల్లో ఎంత వెతికినా అవి దొరకవు. గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే ఈ లింకు. దాన్ని చూపిస్తే గూగుల్ సర్వర్ అసలు పొడుగు లింకును బయటికి తీస్తుంది. కాబట్టి నెట్ ఉన్నప్పుడే ఆ పని ముగించుకోవాలి. కంప్యూటర్ బ్రౌజర్‌లో లింకు తెరిచి, మ్యాప్ పూర్తిగా వచ్చేదాకా ఆగి, పైన అడ్రస్ బార్ చూడండి. చార్మినార్ లింకైతే, మధ్యలో కొంత వదిలేస్తే, ఇలా ఉంటుంది:

```
/maps/place/Charminar/@17.36156,78.47208,17z/data=...!3d17.36156!4d78.47466
```

ఇందులో రెండు జతల అంకెలున్నాయి. చాలామంది కంటికి ముందు కనిపించే `@` పక్కన ఉన్నవాటిని రాసుకుంటారు. అవి తెర మీది మ్యాప్‌కు నడిమి బిందువు మాత్రమే. మ్యాప్‌ను వేలితో కాస్త పక్కకు జరిపితే అవీ మారిపోతాయి. గుర్తు పెట్టిన చోటు `!3d`, `!4d` తర్వాత ఉంటుంది: మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం.

పై ఉదాహరణలో అక్షాంశం ఒకటే, రేఖాంశంలో మాత్రం 0.00258 తేడా ఉంది. చూడ్డానికి చిన్నదే. కానీ హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశమంటే దాదాపు 106 కిలోమీటర్లు. ఆ లెక్కన తేడా సుమారు 275 మీటర్లు. అంటే `@` అంకెల్ని నమ్ముకున్నవాడు చార్మినార్ దగ్గర కాకుండా పడమటగా లాడ్ బజార్ వైపు తేలతాడు.

రాసుకున్నాక ఒకసారి సరిచూసుకోండి. తెలుగు రాష్ట్రాల్లోని చోటైతే మొదటి అంకె 12కీ 20కీ మధ్య, రెండోది 76కీ 85కీ మధ్య ఉండాలి. తారుమారైతే గుర్తు ఎక్కడో చాలా దూరంగా పడుతుంది. దశాంశం తర్వాత 5 అంకెలుంటే చాలు, మీటరు దాకా కచ్చితం.

కొన్ని లింకులు తెరిస్తే అంకెలే ఉండవు, `q=` తర్వాత పేరు, చిరునామా మాత్రమే కనిపిస్తాయి. అప్పుడు మ్యాప్‌లో ఆ గుర్తు మీద మౌస్‌తో రైట్ క్లిక్ చేయండి. వచ్చే మెనూలో మొదటి వరుసే అక్షాంశ రేఖాంశాలు. దాన్ని నొక్కితే కాపీ అవుతుంది. ఫోన్‌లోనైతే గుర్తుకు ఆనుకుని ఖాళీ చోట వేలు నొక్కి పట్టుకుంటే అవే అంకెలు కనిపిస్తాయి. అయితే అక్కడ మీ వేలు ఎంత సూటిగా పడితే అంతే కచ్చితం.