విలీనం రోజున సిబ్బందికి ఏం చెప్పాలి?

2019 ఆగస్టు 30న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పది ప్రభుత్వ రంగ బ్యాంకులను నాలుగుగా కలిపేస్తున్నట్టు ప్రకటించారు. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు వెళ్లి యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలవాలి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో స్థాపించిన బ్యాంకు పేరు తెరమరుగు కావడం ఆ రోజుతో ఖాయమైంది. ఉద్యోగ సంఘాలు నిరసనకు దిగాయి. విలీనం వల్ల ఏ ఒక్కరి ఉద్యోగమూ పోదని రెండు రోజుల తర్వాత చెన్నైలో మంత్రి హామీ ఇచ్చారు.

ఆ హామీకి చట్టం దన్ను ఉంది. జాతీయం చేసిన బ్యాంకులను కలపాలంటే కేంద్రం ఒక విలీన పథకాన్ని నోటిఫై చేయాలి. శాశ్వత ఉద్యోగులంతా కొత్త బ్యాంకు ఉద్యోగులవుతారనీ, జీతభత్యాలు అంతకుముందు కంటే తగ్గవనీ అందులోనే రాస్తారు. 2020 ఏప్రిల్ 1న విలీనం అమల్లోకి వచ్చింది. కాగితం మీద అలా రాసిన మాటను నాయకుడు ఎంత గట్టిగా చెప్పినా తప్పులేదు.

అయితే ఉద్యోగి మనసులో ఉన్న ప్రశ్న అదొక్కటే కాదు. ఒకే వీధిలో రెండు బ్యాంకుల శాఖలూ ఉన్న ఊరిని తీసుకోండి. విలీనం తర్వాత అక్కడ రెండు శాఖలు అక్కర్లేదు. ఒక మేనేజరు ఉంటారు, మరొకరికి బదిలీ తప్పదు. ఆయన ఉద్యోగం పోలేదు, జీతమూ తగ్గలేదు. కానీ కూతురు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది, ఇంటి అప్పు ఆ ఊళ్లోనే తీసుకున్నారు. ‘నేను ఎక్కడికి వెళ్లాలి? నా సీనియారిటీ ఎవరి తర్వాత? వచ్చే ఏడాది రావలసిన ప్రమోషన్ మాటేమిటి?’ అన్నవి ఆయన ప్రశ్నలు. ‘మీకేమీ మారదు’ అని పై అధికారి చెప్పి ఉంటే, బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున ఆ మాటతో పాటు ఆయన అంతకుముందు చెప్పిన నిజాలూ విలువ కోల్పోతాయి.

అందుకే ఇలాంటి ప్రసంగం రాసేటప్పుడు విషయాలను ముందు మూడుగా విడదీసుకోవాలి: తేలిపోయినవి, ఇంకా తేలనివి, తన చేతిలో లేనివి. అప్పుడు ప్రసంగం ఇలా మొదలుపెట్టవచ్చు: “ఏప్రిల్ ఒకటి నుంచి మనం వేరే బ్యాంకులో భాగమవుతున్నాం. మన పేరు ఉండదు. ఇది నిర్ణయమైపోయింది. మీ ఉద్యోగాలు, జీతాలు, పింఛను పోవు. విలీన పథకంలో ఆ మాట రాసి ఉంది. కొన్ని శాఖలు మూతపడతాయి. ఏవన్నది ఇంకా తేలలేదు. జూన్ నెలాఖరుకు జాబితా ఇస్తాం. బదిలీలు ఉండవని నేను మాట ఇవ్వలేను. పిల్లల చదువు, ఇంట్లో అనారోగ్యం ఉన్నవారు ఈ నెల 20లోగా రాసిస్తే ముందుగా పరిశీలిస్తాం.”

ఇందులో చేదు వార్త రెండో వాక్యానికే వచ్చేసింది. విలీనం వల్ల వ్యాపారం ఎంత పెరుగుతుందో ముందు పావుగంట చెప్పి, ఆ తర్వాత శాఖల మూసివేత ప్రస్తావిస్తే, ఆ పావుగంటా ఎవరి చెవికీ ఎక్కదు. భరోసా కూడా ఇక్కడ తీయటి మాటల్లోంచి రాలేదు. పథకంలో రాసిన షరతు, ఒక తేదీ, దరఖాస్తు పెట్టుకునే దారి ఆ భరోసాను ఇచ్చాయి. ‘ప్రస్తుతానికి’, ‘పరిస్థితిని బట్టి’ అనే మాటలు వేదిక మీద నుంచి వినబడితే, ఏదో దాస్తున్నారని సిబ్బంది అర్థం చేసుకుంటారు. తేలని విషయాన్ని తేలలేదనే చెప్పి, ఎప్పటికి తేలుతుందో చెప్పడం మేలు.

ప్రైవేటు కంపెనీలో చిక్కు ఇంకా ఎక్కువ. అక్కడ ‘ఎవరి ఉద్యోగమూ పోదు’ అనే హామీ చాలాసార్లు ఇవ్వలేరు. ఇవ్వలేనప్పుడు ఎవరిని ఏ ప్రాతిపదికన తగ్గిస్తారో, ఎన్ని నెలల ముందు చెబుతారో, పరిహారం ఎలా లెక్కిస్తారో చెప్పాలి. పైగా స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ అయితే, ధరను ప్రభావితం చేసే ఇలాంటి సమాచారాన్ని ఎక్స్ఛేంజీకి తెలపకముందే సిబ్బందికి బాహాటంగా చెప్పడానికి సెబీ నిబంధనలు ఒప్పుకోవు. అందువల్ల వార్త టీవీలోనో ఫోన్లోనో ముందు కనబడే అవకాశం ఉంది. ‘మీకు ముందే ఎందుకు చెప్పలేకపోయానంటే’ అని ఆ కారణాన్ని విప్పి చెప్పడం నాయకుడి బాధ్యత. ప్రకటన వెలువడిన గంటలోపే సిబ్బంది ముందుకు రావడం కూడా ఆయన బాధ్యతే.

ప్రసంగం ముగిశాక చప్పట్లు రాకపోవచ్చు. ప్రశ్నలకు మాత్రం సమయం ఉంచండి. జవాబు తెలియని ప్రశ్నను రాసుకుని, చెప్పిన తేదీకి జవాబు పంపండి. జాబితా సిద్ధం కాకపోయినా, కాలేదన్న మాట ఆ తేదీకే చెప్పండి. నిలబెట్టుకోలేని హామీని మాత్రం ఎంత ఒత్తిడి వచ్చినా ఇవ్వకండి.