లెవెల్ ఊగుతుంటే గెయిన్‌ను తిట్టకండి

డిస్టిలేషన్ కాలమ్‌కు ముందుండే సర్జ్ ట్యాంకుకు ఒకటే పని. పైనుంచి వచ్చే ఒడిదొడుకులను కడుపులో పెట్టుకుని, కాలమ్‌కు నిలకడగా ఫీడ్ పంపాలి. ఆ ట్యాంకు లెవెల్ లూపే ఊగడం మొదలుపెడితే దానితో వాల్వ్, వాల్వ్‌తో ఫీడ్, ఫీడ్‌తో కాలమ్ ఉష్ణోగ్రతలు వరసగా ఊగుతాయి. అప్పుడు షిఫ్టులో ఎవరో ఒకరు పెద్దరికంగా సెలవిస్తారు: "గెయిన్ తగ్గించెయ్, చల్లబడుతుంది. లాంబ్డా ట్యూనింగ్ అంటే అదేగా!"

కాదు. లెవెల్ లూపులో ఈ సలహా ఊపును తగ్గించదు, సాగదీస్తుంది.

ఒక లెక్క చూద్దాం. వాల్వ్ ఒక శాతం కదిలితే ట్యాంకు లెవెల్ నిమిషానికి 0.05 శాతం చొప్పున మారుతుంది అనుకుందాం. కంట్రోలర్‌లో గెయిన్ 2, ఇంటెగ్రల్ సమయం 5 నిమిషాలు. ఈ లూపు దాదాపు 47 నిమిషాలకు ఒక ఊపు చొప్పున ఊగుతుంది, ఒక్కో శిఖరం ముందుదానిలో పదో వంతుకు పడిపోతుంది. ఇప్పుడు పెద్దాయన మాట విని గెయిన్‌ను 0.5 చేశారు. ఊపు కాలం 90 నిమిషాలకు పెరుగుతుంది. అంతకంటే ఘోరం, శిఖరం మూడో వంతుకు మాత్రమే తగ్గుతుంది. ట్రెండ్‌లో గీత మెల్లగా కదులుతోంది కాబట్టి అందరూ నయమైందనుకుంటారు. షిఫ్టు మారినా అది ఊగుతూనే ఉంటుంది.

కారణం ట్యాంకులోనే ఉంది. ట్యాంకు స్వయంగా ఇంటెగ్రేటర్, కంట్రోలర్‌లోని ఇంటెగ్రల్ రెండోది. లెవెల్ సెట్‌పాయింట్‌కు తిరిగొచ్చేదాకా ఇంటెగ్రల్ వాల్వ్‌ను తెరుస్తూనే పోతుంది. లెవెల్ వచ్చేసరికి వాల్వ్ అవసరానికి మించి తెరిచి ఉంటుంది, లెవెల్ అవతలికి జారుతుంది. దీన్ని పట్టి ఆపేది గెయిన్ ఒక్కటే. దాన్నే తగ్గిస్తే బ్రేకు వదిలినట్టే.

అసలు లాంబ్డా పద్ధతి గెయిన్‌తో మొదలుకాదు. లూపు ఎంత తీరిగ్గా స్పందించాలో ముందు నిర్ణయిస్తారు, ఆ సమయమే λ. డెడ్ టైమ్ లెక్కలోకి రానంత చిన్నదైతే ట్యాంకుకు సూత్రం ఇంతే:

```
Kc = 2 / (k × λ)
Ti = 2 × λ
```

ఇక్కడ k అంటే పైన చెప్పిన 0.05. λ 20 నిమిషాలు అనుకుంటే గెయిన్ 2, ఇంటెగ్రల్ సమయం 40 నిమిషాలు వస్తాయి. గెయిన్ మొదట ఉన్నదే! మారాల్సింది 5 నిమిషాల ఇంటెగ్రల్. ఇన్‌ఫ్లో హఠాత్తుగా వాల్వ్ లెక్కలో 10 శాతం పెరిగితే లెవెల్ 20 నిమిషాల తర్వాత 3.7 శాతం పైకి వెళ్లి, ఊగకుండా దిగుతుంది. ట్యాంకులో 15 శాతం దాకా చోటుంటే λ 80 కూడా పెట్టవచ్చు, అప్పుడు గెయిన్ 0.5, ఇంటెగ్రల్ 160 నిమిషాలు. 5 నిమిషాల ఇంటెగ్రల్‌తో అల్లరి చేసిన ఆ 0.5 గెయినే ఇక్కడ బుద్ధిగా కూర్చుంటుంది.

ఫ్లో లూపుల్లో గెయిన్ తగ్గిస్తే శాంతించడం మామూలే, అపోహ పుట్టింది అక్కడే. ఆ అలవాటును ట్యాంకు దగ్గరికి మోసుకొస్తేనే చిక్కు.

ఇక చిల్లర నమ్మకాలు. ఇంటర్నల్ మోడల్ కంట్రోల్‌కు వేరే కంప్యూటర్ కావాలట. మామూలు ఫస్ట్ ఆర్డర్ ప్రాసెస్‌కు అది పీఐడీ రూపంలోకే వస్తుందని రివెరా, మొరారి, స్కోగెస్టాడ్ 1986లోనే చూపారు. λ పెంచితే అంటుకుపోయే వాల్వ్ కూడా బాగవుతుందట. బాగవదు, వర్క్‌షాప్‌కు పంపండి.

ఒక్క ఫిర్యాదును మాత్రం ఒప్పుకోక తప్పదు: లాంబ్డాతో డిస్టర్బెన్స్ నుంచి కోలుకోవడం ఆలస్యమంటారు. నెమ్మదైన హీటర్లలో అది నిజమే. టైమ్ కాన్‌స్టంట్ 30 నిమిషాలు, డెడ్ టైమ్ 1, λ 2 అనుకోండి. పాత సూత్రం ఇంటెగ్రల్‌ను 30 నిమిషాలు పెట్టమంటుంది, దాంతో లోడ్ మారినప్పుడు ఉష్ణోగ్రత ఈడ్చుకుంటూ వెనక్కి వస్తుంది. స్కోగెస్టాడ్ 2003లో దీనికి కోత పెట్టాడు: ఇంటెగ్రల్ సమయం λ, డెడ్ టైమ్‌ల మొత్తానికి నాలుగు రెట్లు మించకూడదు. అంటే 12 నిమిషాలు చాలు.

ఏదైనా మార్చేముందు లూపును కాసేపు మాన్యువల్‌లో పెట్టి చూడాలి. ఊపు ఆగితే దోషం ఈ లూపుదే, ఆగకపోతే ఎగువన వెతకాలి. తర్వాత ఆపరేటర్‌కు చెప్పి వాల్వ్‌ను 5 శాతం కదిపి, లెవెల్ గీత వాలు ఎంత మారిందో కొలవాలి. నిమిషానికి 0.25 శాతం మారితే k 0.05.

అంకె ఎక్కించేటప్పుడు యూనిట్ చూసుకోవాలి. 40 నిమిషాలంటే కొన్ని కంట్రోలర్లలో 2400 సెకన్లు, కొన్నింటిలో నిమిషానికి 0.025 రిపీట్లు. రిపీట్ల గడిలో 40 కొట్టారంటే ఇంటెగ్రల్ సమయం ఒకటిన్నర సెకను అయిపోతుంది.