డౌన్‌లోడ్‌ పరుగు.. అప్‌లోడ్‌ నత్తనడక!

ప్రాజెక్టు డెమో వీడియో పంపడానికి గడువు రాత్రి 11.59. రెండు రోజులు కూర్చుని రికార్డు చేసి, ఎడిట్‌ చేసి, మీరు ‘అప్‌లోడ్‌’ నొక్కేసరికి 11.15 అయింది. ఫైలు 480 ఎంబీ. ఇంట్లో ఉన్నది 50 ఎంబీపీఎస్‌ కేబుల్‌ బ్రాడ్‌బ్యాండ్‌. ఇంత సైజు సినిమా అయితే నిమిషంన్నరలోపే దిగిపోతుంది కదా అని ధీమా. కానీ అయిదు నిమిషాలు గడిచినా గీత ఏడెనిమిది శాతం దగ్గరే ఉంది. గడియారం మాత్రం ఆగడం లేదు.

ఇక్కడ వెబ్‌సైటునో, ల్యాప్‌టాప్‌నో తిట్టుకునే ముందు ఒక్క లెక్క వేసుకోండి. స్పీడ్‌ టెస్ట్‌ చేసినప్పుడు రెండు అంకెలు వస్తాయి. మనం చూసేది మొదటిది, డౌన్‌లోడ్‌. ఇప్పుడు కావాల్సింది రెండోది. అది 2 ఎంబీపీఎస్‌ అని చూపించింది అనుకుందాం. ఎంబీపీఎస్‌లో ఉన్నది మెగాబిట్లు, ఫైలు సైజులో ఉన్నది మెగాబైట్లు. ఒక బైటుకు 8 బిట్లు. కాబట్టి 480ని 8తో గుణిస్తే 3,840 మెగాబిట్లు. దాన్ని 2తో భాగిస్తే 1,920 సెకన్లు, అంటే 32 నిమిషాలు. లైన్‌ మొత్తం మీ ఒక్కరికే దొరికితేనే ఈ లెక్క. అదే సమయంలో తమ్ముడి ఫోను పెళ్లి వీడియోలను క్లౌడ్‌లోకి బ్యాకప్‌ చేస్తుంటే ఆ 2 ఎంబీపీఎస్‌ను ఇద్దరూ పంచుకోవాలి. 32 నిమిషాల పని గంట దాటుతుంది. గడువు పోవడానికి ఇదే అసలు కారణం. ఆ ఫోనులో వైఫై ఆపేసి ఉంటే గట్టెక్కేవారే.

అసలు ఈ తేడా ఎందుకు?

జనం ఇంటర్నెట్‌ నుంచి తీసుకునేది ఎక్కువ, పంపేది తక్కువ. కంపెనీలు లైన్లను ఆ అలవాటుకు తగ్గట్టే కట్టాయి. పాత టెలిఫోన్‌ తీగల మీద వచ్చిన ఏడీఎస్‌ఎల్‌ బ్రాడ్‌బ్యాండ్‌ పేరులోని మొదటి అక్షరానికి అర్థమే ‘అసమానం’ అని. దానిలో అప్‌లోడ్‌ 1 ఎంబీపీఎస్‌ దాటడమే గొప్ప. కేబుల్‌ టీవీ తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌లోనూ పైకి వెళ్లే దారికి కేటాయించిన ఫ్రీక్వెన్సీ చిన్న ముక్కే. ఆ ముక్కను కాలనీలోని ఇళ్లన్నీ పంచుకుంటాయి. ఇంటిదాకా ఫైబర్‌ ఉంటే పరిస్థితి చాలా మెరుగు. కానీ ‘ఫైబర్‌’ అని బిల్లు మీద ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్నిచోట్ల ఫైబర్‌ వీధి స్తంభం వరకే వచ్చి, అక్కణ్నుంచి ఇంట్లోకి వేరే తీగ వస్తుంది. ప్లాన్‌లో అప్‌లోడ్‌ ఎంత అని అడిగి తీసుకోవడం మంచిది.

మొబైల్‌ డేటా సంగతి ఇంకోరకం. టవర్‌ పదుల వాట్ల శక్తితో మాట్లాడుతుంది. మీ చేతిలోని ఫోను పంపే సిగ్నల్‌ మామూలుగా అయిదో వంతు వాట్‌కు మించదు. అందుకే హాస్టల్‌ గదిలో మంచం మీద పడుకున్నప్పుడు వీడియోలు బాగానే వస్తాయి, పంపబోతే మాత్రం కదలదు. ఫోను మీద కనిపించే సిగ్నల్‌ గీతలు టవర్‌ మాట మీకు ఎంత వినిపిస్తోందో చెబుతాయి, మీ మాట టవర్‌కు ఎంత వినిపిస్తోందో కాదు. దీనికితోడు మన దగ్గర 4జీలో 2300 మెగాహెర్ట్జ్‌, 5జీలో 3500 మెగాహెర్ట్జ్‌ లాంటి బ్యాండ్లలో రాకపోకలకు ఒకే దారి. కాలాన్ని ముక్కలు చేసి కొంతసేపు కిందికి, కొంతసేపు పైకి వదులుతారు. కిందికి వదిలేదే ఎక్కువ. కిటికీ దగ్గరకో, డాబా మీదకో వెళ్తే అప్‌లోడ్‌ ఒక్కసారిగా పెరగడం మీకూ అనుభవమే అయ్యుంటుంది. అది భ్రమ కాదు.

‘మీ వాయిస్‌ కట్‌ అవుతోంది’

అప్‌లోడ్‌ నెమ్మదిగా ఉండటం ఒక బాధ. అది మిగతా పనుల్నీ చెడగొట్టడం ఇంకో బాధ. ఇదే ఉద్యోగం వెతుక్కునేవాళ్లను ఎక్కువ దెబ్బతీస్తుంది. ఆన్‌లైన్‌ ఇంటర్వ్యూలో అవతలివాళ్ల మాట మీకు శుభ్రంగా వినిపిస్తుంటుంది, వాళ్లేమో ‘మీ వాయిస్‌ కట్‌ అవుతోంది’ అంటుంటారు. మీ ఇంటి నుంచి బయటికి వెళ్లే దారి నిండిపోయిందనడానికి ఇది మంచి గుర్తు.

లోపల జరిగేది ఇది. మీ ల్యాప్‌టాప్‌ రూటర్‌కు చాలా వేగంగా పంపగలదు. రూటర్‌ మాత్రం బయటికి 2 ఎంబీపీఎస్‌ చొప్పునే వదలగలదు. మిగిలినదాన్ని పారేయకుండా తన మెమొరీలో వరసలో నిలబెడుతుంది. ఆ వరస 500 కేబీ ఉందనుకోండి. అదంతా ఖాళీ కావడానికి 2 సెకన్లు. ఇప్పుడు మీ గొంతు తాలూకు చిన్న ప్యాకెట్‌ వచ్చినా, వరస చివర నిలబడి 2 సెకన్లు ఆగాల్సిందే. బస్టాండులో ఒక్క టికెట్‌ కోసం వచ్చినవాడు యాభై టికెట్లు తీసుకునేవాడి వెనక నిలబడ్డట్టు. డౌన్‌లోడ్‌ కూడా మందగిస్తుంది. ఎందుకంటే వచ్చిన ప్రతి ముక్కకూ ‘అందింది’ అని మన వైపు నుంచి కబురు వెళ్లాలి, ఆ కబురూ అదే వరసలో ఇరుక్కుంటుంది. దీన్నే నెట్‌వర్కింగ్‌లో బఫర్‌బ్లోట్‌ అంటారు. సీఎస్‌ఈ, ఈసీఈ వాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూలో అడిగినా అడుగుతారు.

మీ ఇంట్లో ఇది ఉందో లేదో రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. విండోస్‌లో కమాండ్‌ ప్రాంప్ట్‌ తెరిచి ఇది టైప్‌ చేయండి.

```
ping -t 8.8.8.8
```

ఏ పనీ లేనప్పుడు 20, 30 మిల్లీసెకన్లు చూపిస్తుంది. దాన్ని అలాగే ఉంచి పెద్ద ఫైలు అప్‌లోడ్‌ మొదలుపెట్టండి. అంకె వందల్లోకి, వేలల్లోకి ఎగబాకితే జబ్బు ఇదే. అప్‌లోడ్‌ ఆపగానే మళ్లీ కిందికి దిగుతుంది. అప్‌లోడ్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే అది వైఫై బలహీనతో, లైన్‌ లోపమో. దానికి ఈ మందు పనిచేయదు. ఆపడానికి Ctrl+C నొక్కండి.

కళ్లెం వేస్తే సాఫీ

మందు వినడానికి వింతగా ఉంటుంది. అప్‌లోడ్‌ వేగాన్ని మీరే తగ్గించాలి! లైన్‌ సామర్థ్యంలో 80 శాతం దగ్గర కళ్లెం వేస్తే రూటర్‌లో వరస ఏర్పడదు. 2 ఎంబీపీఎస్‌లో 80 శాతం 1.6. సెట్టింగులు సాధారణంగా సెకనుకు కిలోబైట్లలో అడుగుతాయి కాబట్టి 1,600ను 8తో భాగించండి, 200 వస్తుంది. ఇక్కడే చాలామంది 1600 అని కొట్టి, ‘లిమిట్‌ పెట్టినా ఏం మారలేదు’ అంటారు. 200 దగ్గర మన 480 ఎంబీ ఫైలుకు పట్టేది 40 నిమిషాలు. పూర్తి వేగంలో 32. అంటే ఎనిమిది నిమిషాలు ఎక్కువ ఇచ్చి ఇంట్లో అందరి ఇంటర్నెట్‌ను నిలబెట్టుకున్నట్టు.

కంప్యూటర్‌లో గూగుల్‌ డ్రైవ్‌ యాప్‌ వాడుతుంటే దాని Preferences లో Bandwidth settings ఉంటుంది, అక్కడ Upload rate దగ్గర ఈ అంకె ఇవ్వండి. వన్‌డ్రైవ్‌లోనూ ఇలాంటి లిమిట్‌ ఉంది. బ్రౌజర్‌లో నేరుగా అప్‌లోడ్‌ చేసేటప్పుడు మాత్రం ఇలాంటి సదుపాయం ఉండదు, అది దొరికినంతా లాగేస్తుంది. విండోస్‌ కూడా ఒక్కోసారి తన అప్‌డేట్లను మీ లైన్‌ మీదుగా బయటి కంప్యూటర్లకు పంపుతుంది. Windows Update సెట్టింగుల్లో Delivery Optimization తెరిచి అది ఆగి ఉందో లేదో చూసుకోండి.

ఇంటర్వ్యూ జరిగే సమయానికి 200 కూడా ఎక్కువే. ఒకరితో ఒకరు మాట్లాడే వీడియో కాల్‌కు పైకి సుమారు 600 కేబీపీఎస్‌ నుంచి 1.2 ఎంబీపీఎస్‌ దాకా కావాలి. మిగిలేది కొంచెమే. ఆ గంటసేపు ఫైలు పంపడం పూర్తిగా ఆపేయడమే నయం. తమ్ముడి ఫోను సంగతి మర్చిపోవద్దు, గూగుల్‌ ఫొటోస్‌ బ్యాకప్‌ను ఆ కాసేపు ఆపమని ముందే చెప్పండి.

మొబైల్‌ డేటా మీద ఈ 80 శాతం లెక్క అంత కచ్చితంగా కుదరదు. అక్కడ వేగం నిమిషానికోలా మారుతుంది. ఇప్పుడు 5 ఉన్నది కాసేపటికి 1 కావచ్చు. మీకు కనిపించిన కనిష్ఠ వేగాన్ని పట్టుకుని దాని కిందే లిమిట్‌ పెట్టుకోవాలి.

ఏ టైమ్‌కి పంపాలి?

రాత్రి 8 నుంచి 11 దాకా కాలనీ మొత్తం ఆన్‌లైన్‌లో ఉంటుంది. పెద్ద ఫైళ్లకు అది చెడ్డ ముహూర్తం. అదే స్పీడ్‌ టెస్ట్‌ తెల్లవారుజామున 5కు చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. మొబైల్‌ డేటాలో రోజువారీ కోటా ఇంకో చిక్కు. అప్‌లోడ్‌ చేసిందీ కోటాలోనే కోత పడుతుంది. కోటా అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోయే ప్లాన్‌ అయితే మన 480 ఎంబీ వెళ్లడానికి 16 గంటలు దాటుతుంది! చాలా ప్లాన్లలో అర్ధరాత్రి కోటా మళ్లీ మొదలవుతుంది. గడువు మర్నాడు అయితే సాయంత్రం కుస్తీ పట్టకుండా 12 దాటాక పంపడమే తెలివి.

కొంచెం టెక్నికల్‌ వైపు ఉన్నవాళ్లకు ఆర్‌క్లోన్‌ అనే ఉచిత టూల్‌ ఉంది. ఒకసారి డ్రైవ్‌తో జతచేసి gdrive అని పేరు పెట్టుకున్నాక, టైమ్‌ను బట్టి వేగం మారేలా ఒక్క లైన్‌లో చెప్పొచ్చు.

```
rclone copy "D:\Project" gdrive:Project --bwlimit "06:00,200k 23:00,off" -P
```

ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకు సెకనుకు 200 కిలోబైట్లే, ఆ తర్వాత కళ్లెం లేదు. మధ్యలో తెగితే అదే కమాండ్‌ మళ్లీ ఇవ్వండి, వెళ్లిపోయిన ఫైళ్లను వదిలేసి మిగతావి పంపుతుంది. సగంలో ఆగిన ఫైలు మాత్రం మొదటి నుంచి వెళ్తుంది. కాబట్టి ఒకే 5 జీబీ జిప్‌ కంటే చిన్న ఫైళ్లుగా ఉంచడం మేలు.

రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి ఏమీ వెళ్లకపోవడం కూడా మామూలే. ల్యాప్‌టాప్‌ నిద్రలోకి జారుకోవడమే ఎక్కువసార్లు కారణం. పవర్‌ సెట్టింగుల్లో ఛార్జర్‌ ఉన్నప్పుడు స్లీప్‌ ‘Never’ అని మార్చి, మూత వేయకుండా వదిలేయండి. కరెంటు పోయే ఊళ్లలో ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, రూటర్‌కు ఉండదు. దాన్ని ఇన్వర్టర్‌ ప్లగ్‌కు మార్చాలి.

ఇవన్నీ మీ ఇంటి వైపు సమస్యలకే. దరఖాస్తు చివరి రోజున పోర్టల్‌లో 50 కేబీ ఫొటో కూడా ఎక్కకపోతే తప్పు మీ లైన్‌ది కాదు, అవతలి సర్వర్‌ కిక్కిరిసింది. అప్పుడు పింగ్‌ 20 దగ్గరే ఉంటుంది, వేరే సైట్లు టకటకా తెరుచుకుంటాయి. లిమిట్లు మార్చుతూ కూర్చోకుండా, అలారం పెట్టుకుని తెల్లవారుజామున 4, 5 గంటల మధ్య ప్రయత్నించండి. గడువు ఆ రాత్రితోనే ముగుస్తుంటే, ఎర్రర్‌ మెసేజ్‌ను టైమ్‌ కనిపించేలా స్క్రీన్‌షాట్‌ తీసి హెల్ప్‌డెస్క్‌కు వెంటనే మెయిల్‌ చేయండి.