సగటు లెక్కలో కనబడని పిల్లలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో 12 నుంచి 23 నెలల వయసు పిల్లల్లో ప్రతి 100 మందికి సుమారు 79 మంది టీకాలన్నీ పూర్తిగా వేయించుకున్నారు. మిగిలిన 21 మంది ఎక్కడున్నారన్నది జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి ముందు తెలియాలి. వాళ్లందరూ ఒకే కారణంతో ఆగిపోలేదు. కారణాన్ని బట్టి చేయాల్సిన పనీ మారుతుంది.

ఇబ్రహీంపట్నం మండలంలోని శేరిగూడనే తీసుకుందాం. సాగర్ రోడ్డు మీద ఇంజనీరింగ్ కాలేజీలున్న ఊరు, హైదరాబాద్ పెరుగుతూ వస్తున్న వైపు ఉంది. ఇలాంటి చోట పాత ఇళ్ల పక్కనే అద్దె గదులుంటాయి, కట్టడం పనివాళ్ల రేకుల షెడ్లుంటాయి. ఇదే రంగారెడ్డి జిల్లాలోని ఇటుక బట్టీలకైతే ఒడిశా నుంచి కుటుంబాలు పిల్లలతో సహా వచ్చి, ఎండాకాలం చివరికి తిరిగి వెళ్లిపోతాయి.

లెక్క అర్థం కావడానికి ఇలాంటి ఒక ఊరిని ఊహించుకుందాం. ఆశా కార్యకర్త రిజిస్టరులో రెండేళ్లు నిండిన పిల్లలు 50 మంది ఉన్నారు. ఆరు వారాలకు వేసే మొదటి పెంటావాలెంట్ టీకా 48 మందికి అందింది. 14 వారాలకు వేసే మూడోది 45 మందికి అందింది. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు 44 మందికి, 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన రెండో డోసు 37 మందికి పడ్డాయి.

మొదటి పెంటా 96 శాతం మందికి అందింది కాబట్టి కాగితం మీద ఊరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ టీకా మొదలుపెట్టిన 48 మందిలో 11 మంది చివరి మెట్టు ఎక్కలేదు. అంటే నలుగురిలో దాదాపు ఒకరు మధ్యలో తప్పిపోయారు. ఈ నష్టం పై సర్వే లెక్కలోనూ కనబడదు. ‘పూర్తి టీకాలు’ అన్న మాటకు అక్కడ తట్టు టీకా ఒక డోసు పడితే చాలు. తొమ్మిది నెలలకు వేసే డోసుతో సుమారు 85 శాతం పిల్లలకే రక్షణ వస్తుంది. తట్టు ఊళ్లో పాకకుండా ఉండాలంటే రెండు డోసులూ 95 శాతం మందికి అందాలి.

ఇప్పుడు రిజిస్టరు మూసి షెడ్ల వైపు వెళ్దాం. అక్కడ ఎవరూ రాయని అదే వయసు పిల్లలు పదిమంది ఉన్నారనీ, వారిలో ముగ్గురికే మొదటి పెంటా పడిందనీ అనుకుందాం. పిల్లల సంఖ్య 60కి, మొదటి పెంటా పడ్డవారి సంఖ్య 51కి చేరతాయి. 96 శాతం కాస్తా 85కి దిగిపోతుంది. మొదటి పెంటా అందని పిల్లలు ఇద్దరు కాదు, తొమ్మిది మంది అని తేలుతుంది.

కాబట్టి ఖాళీలు రెండు రకాలు. లెక్కలోకే రాని బిడ్డది ఒకటి, మొదలుపెట్టి ఆగిపోయిన బిడ్డది మరొకటి.

మొదటి దానికి ఇంటింటి లెక్కే మందు. బట్టీ సీజన్ మొదలవగానే ఒకసారి, మధ్యలో మరోసారి మేస్త్రీనో సర్దార్‌నో వెంటబెట్టుకుని పిల్లల పేర్లు రాయాలి. టీకా రోజులైన బుధ, శనివారాల్లో పగటిపూట వస్తే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. అందుకే ఆ చోట్లకు సాయంత్రం వెళ్లి వేయాలి.

రెండో దానికి కారణాలు చాలావరకు ఇళ్లలోనూ టీకా కేంద్రంలోనూ ఉంటాయి. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. బిడ్డకు మొదటి టీకాలు అక్కడే పడతాయి. అత్తగారింటికి వచ్చాక ఆ బిడ్డ రెండు రిజిస్టర్ల మధ్య జారిపోతుంది. యూ-విన్ నమోదు ఉంటే ఏ ఊళ్లోనైనా మిగిలిన డోసులు కొనసాగించవచ్చు. ప్రైవేటు ఆసుపత్రిలో వేయించినవి రాయకపోతే, టీకా పడిన బిడ్డ కూడా పడనట్టే కనిపిస్తుంది. కాబట్టి కార్డు చూసి ఆ తేదీలూ ఎక్కించాలి.

తట్టు టీకాకు ఇంకో చిక్కుంది. సీసాలో పొడిని ద్రవంతో కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఇద్దరే పిల్లలు వచ్చారని సీసా తెరవకుండా వచ్చే వారం రమ్మంటే, ఆ తల్లి మళ్లీ రాకపోవచ్చు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నదే నియమం. మందు వృథా అయిందని ఏఎన్ఎంను ప్రశ్నించకుండా ఉంటేనే అది అమలవుతుంది.

ఆలస్యమైన తల్లులకూ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మధ్యలో డోసు తప్పితే మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన చోటి నుంచే వేస్తారు. తట్టు టీకాను ఐదేళ్ల వరకూ వేయించవచ్చు.

జిల్లా అధికారి ప్రతి నెలా సమీక్షలో ఊరికి ఒక్క శాతం అడిగితే సరిపోదు. మూడు సంఖ్యలు అడగాలి: ఇంటింటి లెక్కలో కొత్తగా దొరికిన పిల్లలెందరు, మొదటి పెంటా పడనివారెందరు, మొదటి పెంటా పడి, రెండేళ్లు నిండినా తట్టు రెండో డోసు పడనివారెందరు. రెండోది ఎక్కువైతే బృందాన్ని షెడ్లకు, బట్టీలకు పంపాలి. మూడోది ఎక్కువైతే టీకా కేంద్రం నడిచే తీరును, తల్లులకు అందుతున్న సమాచారాన్ని సరిచేయాలి.