నల్లజడకు నెమలికంఠం రంగు

2007లో జపాన్‌లో పుట్టిన హత్సునే మికు అనే కంప్యూటర్ గాయనికి పొడవాటి రెండు జడలు, ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగులో ఉంటాయి. హైదరాబాద్ కామిక్ కాన్‌కి ఇలాంటి పాత్రల వేషాలు కట్టే కుర్రకారు విగ్గు పెట్టుకుంటారు. విగ్గు వద్దనుకున్నవాళ్లు తమ ఫోటోలోనే జుట్టు రంగు మార్చుకుంటారు. ఫోన్‌లో ఒక్క మీట నొక్కితే మారిపోతుంది కూడా. కానీ చాలాసార్లు తల మీద జుట్టు బదులు ప్లాస్టిక్ అచ్చు కూర్చున్నట్టు కనిపిస్తుంది. పాయలు కలిసిపోతాయి, మెరుపు చచ్చిపోతుంది. లోపం ఎంచుకున్న రంగులో లేదు. నల్లజుట్టు మీద వెలుతురు ఎలా పడుతుందో పట్టించుకోకపోవడం వల్లే ఇదంతా.

ఒక ఫోటో తీసుకొని చూద్దాం. తెల్లగోడ ముందు ఒకమ్మాయి, పక్క కిటికీలోంచి వెలుతురు, ముందుకు వేసుకున్న నల్లని జడ, అందులో మల్లెపూలు. దీన్ని ఫోటోషాప్‌లో తెరిచి Info పలకలో అంకెలు చూస్తే సంగతి తెలుస్తుంది. కంప్యూటర్ లెక్కలో పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 255. జడ మడతల్లో నీడ 20 దగ్గర, పాయలు 50 దగ్గర, కిటికీ వెలుతురు తగిలి మెరిసే చోటు 150 దగ్గర ఉన్నాయనుకుందాం. అంటే జుట్టులో ఎక్కువ భాగం మొత్తం వెలుగుల శ్రేణిలో అడుగున ఐదోవంతులోనే ఇరుక్కుని ఉంది.

రంగు మార్చడానికి అందరూ చేసే పని, జుట్టు మీద నెమలికంఠం రంగు లేయర్ పెట్టి దాన్ని Color మోడ్‌లోకి మార్చడం. ఈ మోడ్ కింది బొమ్మలోని వెలుగునీడల్ని అలాగే ఉంచి, రంగు మాత్రం పై లేయర్ నుంచి తీసుకుంటుంది. వినడానికి ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. ఫలితం మాత్రం తలకిందులు. ఎరుపు 0, ఆకుపచ్చ 128, నీలం 128 ఉన్న రంగు వేస్తే, 20 దగ్గరున్న నీడ 0, 29, 29 అవుతుంది. కంటికి అది నలుపే. 150 దగ్గరున్న మెరుపు మాత్రం 60, 188, 188 అయి, కొట్టొచ్చినట్టు నెమలికంఠం రంగు ఎక్కుతుంది. జుట్టేమో నల్లగా ఉండిపోయింది, రంగంతా మెరుపుకు అంటుకుంది. నిజంగా రంగేసుకున్న జుట్టులో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా ఉంటుంది.

ఎందుకు వ్యతిరేకమో 2003లో స్టీఫెన్ మార్ష్నర్, హెన్రిక్ వాన్ జెన్సెన్, మరో ముగ్గురు కలిసి రాసిన పరిశోధన పత్రం విడమరిచి చెప్పింది. సినిమాల్లో కంప్యూటర్‌తో జుట్టు సృష్టించేవాళ్లకు ఆ పత్రం ఇప్పటికీ ఆధారం. వెంట్రుక మీద పడ్డ వెలుతురులో కొంత పైపొర మీదే తగిలి వెనక్కి వస్తుంది. ఇది వెంట్రుక లోపలికి పోలేదు కాబట్టి జుట్టు రంగు దీనికి అంటదు. కిటికీ వెలుతురు తెల్లనిదైతే మెరుపూ తెల్లనిదే, బల్బు పసుపుదైతే మెరుపూ పసుపే. ఆరుబయట నల్లజుట్టు నీలంగా మెరవడం కూడా ఆకాశం చలవే. ఇంకొంత వెలుతురు వెంట్రుక లోపలికి దూరి, అవతలి గోడకు తగిలి, మళ్లీ బయటికి వస్తుంది. అది లోపలి రంగును మోసుకొస్తుంది. వెంట్రుక పైపొర పొలుసులు కాస్త ఏటవాలుగా ఉండటం వల్ల ఈ రెండు మెరుపులూ ఒకేచోట పడవు. తెల్లది కుదురు వైపు, రంగుది కొస వైపు జరుగుతాయి. నల్లజుట్టులో లోపలికి వెళ్లిన వెలుతురును మెలనిన్ దాదాపు అంతా మింగేస్తుంది. అందుకే మన ఫోటోల్లో తెల్ల మెరుపు ఒక్కటే కనిపిస్తుంది, రెండోది ఉండదు.

కాబట్టి చేయాల్సింది ఇది: జుట్టు ఒంటికి రంగు పట్టాలి, మెరుపు తెల్లగా మిగలాలి, లేని రెండో మెరుపును మనం కల్పించాలి.

నల్లబట్ట మీద ఎవరూ గులాబీ రంగు అద్దరు, ముందు నలుపు పోగొడతారు. సెలూన్లలో చేసేదీ అదే. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన బ్లీచ్‌తో మెలనిన్‌ను తీసేశాకే రంగు పెడతారు. ఫోటోలో బ్లీచ్ పని చేసేది Curves. Layer మెనూలో New Adjustment Layer కింద Curves తీసుకొని, గీత మీద రెండు మూడు చుక్కలు పెట్టి పైకి లాగాలి. నెమలికంఠం రంగుకైతే 20ని 60కి, 50ని 125కి, 150ని 215కి తెస్తే సరిపోతుంది. ఇప్పుడు దీని పైన Color మోడ్‌లో అదే రంగు వేస్తే నీడ 0, 86, 86 అవుతుంది, అంటే ముదురు నెమలికంఠం. పాయలు 35, 163, 163 దగ్గర నిండుగా కనిపిస్తాయి. పాయల వివరం కూడా ఇక్కడే పైకొస్తుంది. ఇంతకుముందు నీడకూ పాయకూ 30 తేడా ఉండేది, ఇప్పుడది 65 అయింది. నీడల దగ్గర గీతను ఎంత నిటారుగా లాగితే వెంట్రుకల మధ్య తేడా అంత పెరుగుతుంది.

మరి మెరుపు? 215కి చేరిన మెరుపు మీద కూడా Color మోడ్ రంగు పోసి 125, 253, 253 చేసేస్తుంది. కళ్లు చెదిరే ఆ నీలిపచ్చే ప్లాస్టిక్ అనిపించేది. దీనికి మందు Blend If. రంగు లేయర్ పేరు పక్కన ఖాళీ చోట రెండుసార్లు నొక్కితే Layer Style కిటికీ తెరుచుకుంటుంది. అందులో Underlying Layer అనే పట్టీకి కుడిచివర తెల్ల త్రిభుజం ఉంటుంది. Alt మీట పట్టుకొని లాగితే అది రెండు ముక్కలవుతుంది. ఎడమ ముక్కను 170 దగ్గర, కుడి ముక్కను 235 దగ్గర ఉంచాలి. అప్పుడు 170 దాకా రంగు పూర్తిగా ఉండి, ఆ పైన క్రమంగా పలచబడి, 235 దగ్గర మాయమవుతుంది. మన మెరుపు మీద మూడోవంతు కన్నా తక్కువ రంగే మిగులుతుంది. ఈ పద్ధతి మొత్తంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా చూసేది ఈ చిన్న త్రిభుజాన్నే. చాలామంది దీన్ని తెరిచి కూడా చూడరు.

రెండో మెరుపు చేత్తో పెట్టాల్సిందే. Screen మోడ్‌లో కొత్త లేయర్ తీసుకొని, అదే రంగు కాస్త లేతది ఎంచుకొని, తెల్ల మెరుపుకు కొస వైపు, వెంట్రుకలు సాగే దిశలోనే సన్నని మెత్తని బ్రష్‌తో పల్చగా గీతలు వేయాలి. జడలో ప్రతి మడతకూ దిశ మారుతుంది, అది గమనించకపోతే గీతలు అతికించినట్టు ఉంటాయి. ఈ లేయర్ ఉన్నట్టు చూసేవాళ్లకు తెలియకూడదు. తీసేస్తే మాత్రం ఏదో తగ్గినట్టు అనిపించాలి.

రంగును బట్టి కష్టం మారుతుంది. నెమలికంఠం రంగు ముదురులోనూ అదే రంగుగా కనిపిస్తుంది కాబట్టి నల్లజుట్టుకు అన్నిటికన్నా సులువు. గులాబీ అలా కాదు. ముదిరితే గులాబీ గులాబీగా ఉండదు. 255, 105, 180 ఉన్న గులాబీని 60 దగ్గరున్న నీడ మీద వేస్తే 157, 7, 82 వస్తుంది, అది రాణి రంగు కూడా కాదు, మెరూన్ వైపు పోయినట్టే. అందుకని గులాబీకి నీడల్ని 95 దాకా ఎత్తాలి. వెండికి అసలు రంగే లేదు, ఉన్నదంతా వెలుగునీడల ఆటే. రంగు లేయర్‌లో కాస్త నీలం కలిసిన బూడిద వేసి, Curves‌లో 20ని 45 దగ్గరే ఆపి, 50ని 140కి, 150ని 240కి తీసుకెళ్లాలి. నీడలు కూడా తెల్లబారిపోతే అది వెండి కాదు, నెరిసిన జుట్టు. ముదురు నీడ పక్కనే తెల్లని మెరుపు ఉంటేనే కన్ను దాన్ని లోహంగా నమ్ముతుంది. కుదుళ్ల దగ్గర అరంగుళం నలుపు వదిలేస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది, నిజంగా రంగేసుకున్నవాళ్లకూ కొన్నాళ్లకు అలాగే ఉంటుంది.

ఈ లేయర్లన్నిటినీ ఒక గ్రూపులో పెట్టి, గ్రూపుకే ఒక మాస్క్ ఇవ్వాలి. జుట్టును ఎంచడానికి Select and Mask‌లో Refine Edge Brush బాగానే పనిచేస్తుంది. అక్కడ Decontaminate Colors జోలికి పోవద్దు, అది అంచుల్లో అసలు బొమ్మ రంగుల్నే మార్చేస్తుంది. మల్లెపూలను మాస్క్‌లో విడిగా తీసేయాలి. పూరేకుల వెలుగు భాగాన్ని Blend If కాపాడినా, నీడలో ఉన్న రేకులు నీలంగా మారతాయి. పాపిటలో కనిపించే చర్మానికీ ఇదే జాగ్రత్త. తెల్లగోడ ముందు ఎగిరే ఒంటి వెంట్రుకలతో బాధ లేదు, మాస్క్ కాస్త గోడ మీదికి పోయినా తెలుపు మీద రంగు నిలవదు. వెనక చీకటి ఉంటే మాత్రం Curves ఆ చీకటినీ ఎత్తేసి తల చుట్టూ మసక వెలుగు చూపిస్తుంది. అక్కడ మాస్క్ అంచును లోపలికి తగ్గించుకోవాలి.

సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అన్నిటికన్నా పైన Black & White లేయర్ పెట్టి రంగు లేకుండా చూడండి. లేత రంగు జుట్టును నలుపు తెలుపు ఫిల్మ్ మీద తీసినట్టు కనిపిస్తే పని కుదిరినట్టు. చదునైన బూడిద పలకలా ఉంటే లోపం Curves‌లో ఉందన్నమాట, రంగు ఎంత మార్చినా బాగుపడదు.

కొన్ని ఫోటోలు ఎంత చేసినా లొంగవు. Levels తెరిచి, Alt పట్టుకొని ఎడమవైపు నల్ల త్రిభుజాన్ని నొక్కితే, వివరం పూర్తిగా పోయిన చోట్లు తెల్లని తెర మీద నల్లగానో రంగు మచ్చలుగానో బయటపడతాయి. జడలో సగం అలా కనిపిస్తే అక్కడ ఎత్తడానికి వెంట్రుకలే లేవు. వాట్సాప్‌లో చేతులు మారిన ఫోటోలదీ ఇదే గతి. నీడల్ని ఎత్తగానే జేపెగ్ కుదింపు మిగిల్చిన చదరపు గడులు తేలతాయి. రంగు మచ్చల్ని Color మోడ్ చాలావరకు కప్పేస్తుంది గాని, ఈ గడుల్ని కప్పలేదు.

అందుకే ఈ పని కోసమే ఫోటో తీసేటట్టయితే వెలుతురు ఒక పక్కనుంచి పడేలా నిలబెట్టండి, వెనక లేత రంగు గోడ చూసుకోండి, ముఖం మరీ తెల్లబారనంత మేరకు ఎక్స్‌పోజర్ కాస్త పెంచి, రా ఫైల్‌గా తీయండి. తెరిచాక 16 బిట్‌లో పని చేయండి. ఒక మాట, ఆ బొమ్మను సెలూన్‌కు తీసుకెళ్లి ఇలాగే చేయమని పట్టుబట్టకండి. నల్లజుట్టును నిజంగా వెండిగా మార్చాలంటే లేత పసుపు వచ్చేదాకా బ్లీచ్ చేయాలి, అది సాధారణంగా ఒక్కసారి కూర్చుంటే అయ్యే పని కాదు. అంతదాకా వచ్చేసరికి వెంట్రుక బలం తగ్గుతుంది.